జంట ట్యాంకుల మోడల్: మూడు ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్లలో ఏది మీది?

మా పై అంతస్తులో కడప కుర్రాడు ఒకడు ఉంటాడు, ఇక్కడ బెంగళూరులోనే ఎంటెక్ చదువుతున్నాడు. పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్నే నోట్‌బుక్కు పట్టుకుని దిగాడు. "అన్నా, రెండు ట్యాంకుల ఎక్స్‌పెరిమెంట్‌కి మా బ్యాచ్‌లో ముగ్గురం మూడు ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్లు రాశాం. రీడింగులు మాత్రం అందరివీ ఒక్కటే. ఏది సబ్మిట్ చేయాలి?" అని అడిగాడు.

ఈ రిగ్గులు తయారుచేసే చిన్న షెడ్డులో పీన్యాలో పనిచేస్తాను కాబట్టి నాకు ఇది రోజూ ఉండే గొడవే. వాడు చూపించిన మూడూ ఇవి. h2 రెండో ట్యాంకు మట్టం, q మొదటి ట్యాంకులోకి వచ్చే నీరు, పెద్దక్షరాలు వాటిలో వచ్చే మార్పులు.

```
(అ)  H2/Q = 0.4 / (1800 s² +  90 s + 1)
(ఆ)  H2/Q = 0.2 / ( 450 s² +  75 s + 1)
(ఇ)  H2/Q = 0.4 / (1800 s² + 150 s + 1)
```

ముందే చెప్పేస్తాను. ట్యాంకులు అడుగున పైపుతో కలిసి ఉండి, మధ్యలో వాల్వు సగం మూసి ఉంటే (ఇ) సరైనది. కానీ (అ), (ఆ) ఊరికే పుట్టిన తప్పులు కావు. ఒక్కొక్కటి ఒక్కో రకం రిగ్గుకు నిజంగానే దగ్గరగా సరిపోయే ఆలోచన. మీ ముందున్న రిగ్గు ఏ రకమో తేల్చుకోవడమే అసలు పని.

రిగ్గు ఎలా ఉంది

రెండు నిలువు ట్యాంకులు, ఒక్కొక్కదాని అడ్డుకోత వైశాల్యం 150 చదరపు సెంటీమీటర్లు, ఎత్తు 60 సెంటీమీటర్లు. పంపు నుంచి రోటామీటర్ మీదుగా నీరు మొదటి ట్యాంకులో పైనుంచి పడుతుంది. అడుగున ఉన్న కప్లింగ్ వాల్వు గుండా రెండో ట్యాంకులోకి పోతుంది. అక్కణ్నుంచి డ్రెయిన్ వాల్వు దాటి కింద సంపులోకి. రోటామీటర్ మీద గంటకు 360 లీటర్లు పెట్టి, మట్టాలు కదలకుండా నిలబడేదాకా ఆగితే h1 = 30, h2 = 20 సెంటీమీటర్ల దగ్గర ఆగాయి.

రోటామీటర్ రీడింగును 3.6తో భాగిస్తే సెకనుకు ఘన సెంటీమీటర్లు వస్తాయి. 360 అంటే సరిగ్గా 100. నేను ట్రైనింగ్ ఇచ్చేటప్పుడు ఎప్పుడూ 360తోనే మొదలుపెడతాను, తలనొప్పి తగ్గుతుంది.

వాల్వు గుండా పోయే నీరు, దాని రెండు వైపులా ఉన్న ఎత్తుల తేడాకు వర్గమూలంతో నడుస్తుంది:

```
q12 = k12 √(h1 − h2)
q2  = k2 √h2
```

నిలకడలో రెండు వాల్వుల గుండానూ 100 పోతోంది. కాబట్టి k12 = 100/√10, అంటే 31.62. k2 = 100/√20, అంటే 22.36. మిగతా లెక్కంతా ఈ రెండు అంకెల మీదే నడుస్తుంది.

మొదటి ఎంపిక: ట్యాంకులు విడివిడిగానా, కలిపేనా?

(అ) రాసినవాడు ఒక్కో ట్యాంకును ఒక్కో ఫస్ట్ ఆర్డర్ సిస్టమ్ అనుకుని, రెండింటినీ గుణించేశాడు. కింది భాగాన్ని విడగొడితే (30s + 1)(60s + 1) వస్తుంది. మొదటి ట్యాంకు టైమ్ కాన్‌స్టాంట్ 30 సెకన్లు, రెండోదానిది 60. చూడటానికి ఎంతో పద్ధతిగా ఉంది.

ఈ గుణకారం చెల్లాలంటే ఒక షరతు ఉంది. రెండో ట్యాంకులో ఎంత నీరున్నా మొదటి ట్యాంకుకు తెలియకూడదు. అంటే మొదటి ట్యాంకు నీరు గాల్లోంచి రెండో ట్యాంకులో పడాలి. ట్యాంకులు ఒకదాని మీద ఒకటి మెట్లలా ఉండే రిగ్గుల్లో అలాగే ఉంటుంది. మన రిగ్గులో ట్యాంకులు పక్కపక్కన, ఒకే మట్టం మీద ఉన్నాయి. h2 పెరిగితే h1 − h2 తగ్గుతుంది, వాల్వు గుండా వచ్చే నీరు తగ్గుతుంది, మొదటి ట్యాంకు ఇంకా పైకి లేవాల్సి వస్తుంది. ఈ వెనక్కి తగిలే దెబ్బే (అ)లో లేదు.

లెక్క పెట్టి చూద్దాం. వాల్వుల సమీకరణాలను ప్రస్తుతానికి సరళరేఖలుగా రాసుకుందాం. A1, A2 ట్యాంకుల వైశాల్యాలు, R1 కప్లింగ్ వాల్వు రెసిస్టెన్స్, R2 డ్రెయిన్ వాల్వుది. R1, R2 ఎలా తెచ్చుకోవాలో తర్వాత వివరంగా చెబుతాను, ఇప్పటికి R1 = 0.2, R2 = 0.4 అనుకోండి. R2 = 0.4 అంటే, డ్రెయిన్ గుండా సెకనుకు ఒక ఘన సెంటీమీటరు అదనంగా పోవాలంటే మట్టం 0.4 సెంటీమీటరు పెరగాలి అని అర్థం.

```
A1 s H1 = Q − (H1 − H2)/R1
A2 s H2 = (H1 − H2)/R1 − H2/R2
```

ఇక్కడ చాలామంది రెండు సమీకరణాలతో గజిబిజిగా కుస్తీ పడతారు. అంత అక్కర్లేదు. రెండింటినీ కూడితే మధ్య వాల్వు ఎగిరిపోతుంది: A1 s H1 + A2 s H2 = Q − H2/R2. రెండో సమీకరణం నుంచి H1 = H2(1 + R1/R2 + A2R1 s). దీన్ని పై వరుసలో పెట్టి, R2తో గుణిస్తే:

```
H2/Q = R2 / [A1A2R1R2 s² + (A1R1 + A2R2 + A1R2) s + 1]
```

అంకెలు వేయండి. A1R1 = 30, A2R2 = 60, A1R2 = 60. మధ్య పదం 150 సెకన్లు, s² ముందు 1800. అదే (ఇ). దీన్ని విడగొడితే టైమ్ కాన్‌స్టాంట్లు 137, 13 సెకన్లు. (అ)లో ఎక్కువలో ఎక్కువ 60 ఉంది, ఇక్కడ 137. అవే ట్యాంకులు, అవే వాల్వులు. తేడా అంతా ఆ A1R2 అనే ఒక్క పదంతోనే వచ్చింది.

ఆ పదం ఎందుకు వచ్చిందో బీజగణితం వదిలేసి నీళ్లతో చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. ఇన్‌ఫ్లో 100 నుంచి 110కి పెంచారనుకోండి. చివరికి డ్రెయిన్ గుండా 110 పోవాలంటే h2 నాలుగు సెంటీమీటర్లు పెరగాలి. కప్లింగ్ గుండా కూడా 110 పోవాలంటే మట్టాల తేడా రెండు సెంటీమీటర్లు పెరగాలి. అంటే h1 నాలుగూ రెండూ కలిపి ఆరు సెంటీమీటర్లు లేవాలి. ఇలా లేవడానికి మొదటి ట్యాంకులో 900, రెండో ట్యాంకులో 600, మొత్తం 1500 ఘన సెంటీమీటర్ల నీరు కొత్తగా నిలవాలి. అదనంగా వచ్చేది సెకనుకు 10. 1500ను 10తో భాగిస్తే 150 సెకన్లు. మధ్య పదం ముందున్న అంకె అదే.

(అ) ప్రకారం చూస్తే మొదటి ట్యాంకు రెండు సెంటీమీటర్లే లేవాలి. మొత్తం నీరు 900, సమయం 90. కానీ రెండో ట్యాంకు నాలుగు లేచినప్పుడు మొదటిది దానికంటే తక్కువ లేవడం ఈ రిగ్గులో కుదరని పని. ఈ నీళ్ల లెక్క నాకు చాలా ఇష్టం. స్టాప్‌వాచ్ కూడా అక్కర్లేదు, స్కేలు మీద మొదటి మట్టం, చివరి మట్టం ఉంటే చాలు.

"అయితే R1ని తేడాతో కాకుండా h1తోనే లెక్కేస్తే?" అన్నాడు మా కుర్రాడు. తెలివైన ప్రశ్న. R1 = 2 × 30/100 = 0.6 వేస్తే (90s + 1)(60s + 1) వస్తుంది, మధ్య పదం 150 అవుతుంది! నీళ్ల లెక్క కూడా సరిపోతుంది. ఇక్కడే చాలామంది మోసపోతారు. h2 చివరి మార్పులో 63 శాతానికి చేరే సమయం కూడా దీనికి 160 సెకన్లు, (ఇ)కి 150. రీడింగు తీసే పొరపాట్లలో ఆ పది సెకన్లు కలిసిపోతాయి.

దీన్ని పట్టుకోవాలంటే మొదట్లో చూడాలి. ఇన్‌ఫ్లో పెంచిన 60 సెకన్లకు (ఇ) ప్రకారం h2 చివరి మార్పులో 29 శాతం చేరుతుంది, అంటే 1.15 సెంటీమీటర్లు. విడివిడి ట్యాంకుల మోడల్ ప్రకారం 20 శాతం, అంటే 0.8 సెంటీమీటరు కంటే కాస్త తక్కువ. కలిసి ఉన్న ట్యాంకుల్లో ఒక టైమ్ కాన్‌స్టాంట్ చాలా పెద్దది, ఇంకొకటి చాలా చిన్నది అవుతాయి. అందుకే మట్టం ముందు చురుగ్గా కదిలి, చివర్లో ఈడ్చుకుంటూ పోతుంది. స్కేలు మీద మూడున్నర మిల్లీమీటర్ల తేడా కంటికి కనబడుతుంది, కాకపోతే నీటి అలలు సర్దుకునేలా ఇన్‌లెట్ పైపు చివర ఒక మెష్ ముక్క కట్టుకోండి.

కలిసి ఉన్న ట్యాంకులనైనా విడివిడిగా చూసి గట్టెక్కే సందర్భం ఒకటుంది. మొదటి ట్యాంకు రెండోదానికంటే బాగా సన్నగా ఉంటే A1R2 చిన్నదైపోతుంది. ఉదాహరణకు A1 = 15 అనుకుంటే మధ్య పదం 3 + 60 + 6 = 69, ఆ కలిపే పదం వదిలేస్తే 63. ఆ తేడాతో ఎవరికీ నిద్ర చెడదు.

దీనికి పూర్తి ఎదురు సందర్భం మా అపార్ట్‌మెంట్ మేడ మీదే ఉంది. రెండు నల్ల ప్లాస్టిక్ ట్యాంకులు, అడుగున రెండంగుళాల పైపుతో కలిపారు, మధ్య వాల్వు పూర్తిగా తెరిచి ఉంటుంది. మోటరు నీళ్లు ఒక ట్యాంకులోనే పడతాయి కానీ మట్టాలు రెండింట్లో దాదాపు కలిసే లేస్తాయి. ల్యాబ్ రిగ్గులో కప్లింగ్ వాల్వు మొత్తం తిప్పి తెరిచినా అంతే. మట్టాల తేడా అర సెంటీమీటరుకు పడిపోతే R1 = 0.01, టైమ్ కాన్‌స్టాంట్లు 121 సెకన్లు, ఒక సెకనులోపు. అప్పుడు సెకండ్ ఆర్డర్ రాయడం వృథా. 300 చదరపు సెంటీమీటర్ల ఒకే ట్యాంకు, టైమ్ కాన్‌స్టాంట్ 120 సెకన్లు అని రాసి ఊరుకోండి. పైగా మట్టాల తేడా సున్నాకు దగ్గరైన చోట వర్గమూలం వాలు అనంతానికి పోతుంది. అక్కడ లీనియరైజ్ చేసి తెచ్చిన R1కి ఏ విలువా ఉండదు.

రెండో ఎంపిక: R ఎక్కణ్నుంచి తేవాలి?

ఇప్పుడు (ఆ) సంగతి. ఇది రాసినవాడు ట్యాంకులను సరిగ్గానే కలిపాడు. తప్పంతా R దగ్గర జరిగింది. ఎత్తును ప్రవాహంతో భాగించాడు: R2 = 20/100 = 0.2, R1 = 10/100 = 0.1. కరెంటులో ఓల్టేజీని కరెంటుతో భాగించి రెసిస్టెన్స్ తెచ్చినట్టు.

రెసిస్టర్‌కు అది చెల్లుతుంది, ఎందుకంటే దాని గ్రాఫు సున్నా గుండా పోయే సరళరేఖ. వాల్వు గ్రాఫు వంపు తిరిగి ఉంటుంది. మనకు కావలసింది సున్నా నుంచి పనిచేసే బిందువు దాకా గీసిన గీత వాలు కాదు, ఆ బిందువు దగ్గర స్పర్శరేఖ వాలు. q2 = k2√h2ను h2తో డిఫరెన్షియేట్ చేస్తే k2/(2√h2), అంటే q2/(2h2). దాన్ని తిరగేస్తే R2 = 2h2/q2 = 0.4. అదే తీరున R1 = 2(h1 − h2)/q = 0.2. ఆ రెండు అన్న అంకె వదిలేస్తే గెయిన్ సగమవుతుంది, టైమ్ కాన్‌స్టాంట్లూ సగమవుతాయి. (ఆ)ని విడగొడితే 68, 6.6 సెకన్లు వస్తాయి, సరిగ్గా (ఇ)లో సగం.

ఈ తప్పును పట్టుకోవడం చాలా తేలిక. ఇన్‌ఫ్లో 110 చేసి, మట్టం నిలిచేదాకా ఆగి చూడండి. అసలు వర్గమూల సూత్రం ప్రకారం h2 = (110/22.36)² = 24.2. (ఇ) 24.0 అంటుంది. (ఆ) 22.0 దగ్గరే ఆగిపోతుంది. రెండు సెంటీమీటర్ల తేడా కళ్లజోడు లేకపోయినా కనిపిస్తుంది.

మరి భాగహారం పద్ధతి ఎక్కడైనా సరైనదా? ఉంది. నీరు వాల్వులోంచి కాకుండా సన్నటి, పొడవాటి గొట్టంలోంచి నెమ్మదిగా పోతే ప్రవాహం లామినార్ అవుతుంది, అప్పుడు q నేరుగా hకు అనుపాతంలో ఉంటుంది. మామూలుగా రాస్తే q = k hⁿ అయినప్పుడు R = h/(n q). n = 0.5 అయితే 2h/q, n = 1 అయితే h/q. కాబట్టి "రెండుతో గుణించాలా వద్దా" అన్నది ఇష్టాయిష్టాల మీద ఉండదు, మీ వాల్వు n ఎంత అన్నదాని మీద ఉంటుంది. రెండు మూడు ప్రవాహాల దగ్గర నిలకడ మట్టాలు తీసుకుని, లాగ్-లాగ్ కాగితం మీద గీస్తే వాలే n. మన రిగ్గులో 90 దగ్గర 16.2, 110 దగ్గర 24.2 వచ్చాయి. ln(110/90)ను ln(24.2/16.2)తో భాగిస్తే 0.5.

నేనైతే సూత్రం పక్కన పెట్టి మూడో దారిలో పోతాను. R2ను నేరుగా కొలుస్తాను. ప్రవాహం 90 పెట్టి మట్టం చూడాలి, తర్వాత 110 పెట్టి చూడాలి. (24.2 − 16.2)ను 20తో భాగిస్తే 0.4. సూత్రం చెప్పిందే వచ్చింది. ఒక వైపే కదిలితే అంత ఖచ్చితంగా రాదు. 100 నుంచి 110కి మాత్రమే చూస్తే 4.2/10 = 0.42 వస్తుంది. వంపు ఒకవైపు లాగేస్తుంది కాబట్టి పైకీ కిందికీ సమానంగా కదిలితే ఆ లాగుడు రెండు వైపులా కొట్టుకుపోతుంది.

కొలిచిన R మీద నాకు ఇంత మమకారం ఎందుకంటే, కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు ఒక దెబ్బ తిన్నాను. ట్యాంకు స్కేలు సున్నా, ట్యాంకు అడుగు దగ్గర మొదలైంది. డ్రెయిన్ పైపు నోరు దానికి నాలుగు సెంటీమీటర్లు కిందికి ఉంది. నీటిని తోసే ఎత్తు 20 ఉంటే స్కేలు 16 చూపిస్తోంది. నేను ధీమాగా 2 × 16/100 = 0.32 వేసి, దాని మీద కంట్రోలర్ ట్యూన్ చేసి, మట్టం ఎందుకు ఎగిరెగిరి పడుతోందో తెలియక మధ్యాహ్నం దాకా వాల్వు విప్పి బిగిస్తూ కూర్చున్నాను. పైకీ కిందికీ కదిపి కొలిచి ఉంటే స్కేలు 12.2, 20.2 చూపించేది. తేడా ఎనిమిదే, R2 0.4 వచ్చేసేది. స్కేలు సున్నా ఎక్కడున్నా తేడాలో అది ఎగిరిపోతుంది. k2తో లెక్కించే ప్రతి పద్ధతిలోనూ ఈ గోతి ఉంది. మా షెడ్డులో టెస్ట్ రిపోర్టులో ఇప్పుడు డ్రెయిన్ నోటి ఎత్తుకు వేరే గడి ఉంది, అది నేనే పెట్టించాను.

R1 విషయంలో ఆ బాధ లేదు. అందులో రెండు మట్టాల తేడా ఉంటుంది, రెండు స్కేళ్ల సున్నాలూ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో మాత్రం ఒక పారదర్శక గొట్టంలో నీళ్లు పట్టి చూసుకోండి. తాపీమేస్త్రీలు గోడకు మట్టం చూసే పద్ధతే.

ఇంకో మాట, ఇది బెంగళూరు సంగతి. కావేరి నీళ్లు కాకుండా బోరు నీళ్లు తిప్పే ల్యాబుల్లో వాల్వుల లోపల తెల్లగా సున్నం పేరుకుంటుంది. పోయిన సంవత్సరం కొలిచిన k2 ఈ సంవత్సరం పనికిరాదు. అదే వాల్వు, అదే తెరుపు, మట్టం మాత్రం ఎక్కువ దగ్గర నిలుస్తుంది. సీనియర్ల రికార్డులోంచి k తీసుకుని రాసే అలవాటున్నవాళ్లు దీనికే దొరికిపోతారు.

మూడో ఎంపిక: సరళరేఖ ఎంతవరకు?

లీనియర్ మోడల్ ఎక్కడిదాకా నమ్మాలి అన్నదానికి ఈ రిగ్గులో చక్కటి జవాబు ఉంది. ప్రవాహాన్ని x భాగం మారిస్తే నిలకడ మట్టం 20(1 + x)² అవుతుంది. సరళరేఖ 20(1 + 2x) అంటుంది. తేడా 20x². పది శాతం మార్పుకు 0.2 సెంటీమీటరు, ఇరవై శాతానికి 0.8. పది శాతం దాకా నిశ్చింతగా వాడండి. ఇరవై దగ్గర ఆలోచించండి.

సగానికి సగం మారిస్తే ఏమవుతుందో చూస్తే భయం వేస్తుంది. ప్రవాహం 150 చేస్తే లీనియర్ మోడల్ h1 = 60 అంటుంది, ట్యాంకు అంచు దగ్గర నిండుగా. అసలు సూత్రం 67.5 అంటుంది, అంటే నీళ్లు నేల మీద. 50కి తగ్గిస్తే లీనియర్ మోడల్ రెండు ట్యాంకులూ ఖాళీ అంటుంది. నిజానికి మొదటిదాంట్లో 7.5, రెండోదాంట్లో 5 సెంటీమీటర్లు నిలిచి ఉంటాయి.

అలాంటి పెద్ద మార్పులకు, ట్యాంకు ఖాళీ నుంచి నింపడానికి, ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్ వదిలేసి అసలు సమీకరణాలనే కంప్యూటర్‌లో అడుగడుగునా నడిపించడం మేలు. పది లైన్ల పని:

```python
from math import sqrt
A, k12, k2 = 150.0, 31.62, 22.36
h1, h2, q = 30.0, 20.0, 110.0
t, dt = 0.0, 0.1
while h2 < 20 + 0.632*4.2:
    q12 = k12*sqrt(max(h1 - h2, 0))
    q2 = k2*sqrt(max(h2, 0))
    h1 += dt*(q - q12)/A
    h2 += dt*(q12 - q2)/A
    t += dt
print(t)
```

ఇది 63 శాతానికి చేరే సమయం 160 సెకన్ల దగ్గర చెబుతుంది, (ఇ) చెప్పిన 150 కంటే కాస్త ఎక్కువ. మట్టం పెరిగేకొద్దీ R కూడా పెరుగుతుంది కాబట్టి పైకి వెళ్లేటప్పుడు నిజం సిస్టమ్ కొంచెం నిదానిస్తుంది, కిందికి వచ్చేటప్పుడు కొంచెం చురుకవుతుంది. ల్యాబులో పైకి ఒక సమయం, కిందికి ఒక సమయం వస్తే రీడింగు తప్పు తీశామని కొట్టేయకండి. రెండూ సరైనవే, (ఇ) ఆ రెండింటి మధ్యలో ఉంటుంది.

కోడ్‌లో ఒక జాగ్రత్త. `max(h1 - h2, 0)` అంటే నీరు వెనక్కి పోదు అని మనం అనుకున్నట్టు. మొదటి ట్యాంకులోకే నీరు వదిలే ఈ ప్రయోగానికి అది చాలు. రెండో ట్యాంకులోకి కూడా బకెట్టుతో నీళ్లు పోసి డిస్టర్బెన్స్ చూద్దామనుకుంటే h2 పైకి వెళ్లి నీరు వెనక్కి పోతుంది, అప్పుడు గుర్తుతో సహా రాసుకోవాలి.

పీఐ కంట్రోలర్ ట్యూన్ చేయడానికే అయితే సెకండ్ ఆర్డర్ కూడా పూర్తిగా మోయనక్కర్లేదు. 13 సెకన్ల చిన్న టైమ్ కాన్‌స్టాంట్‌ను డెడ్ టైమ్ కింద మార్చేసి, గెయిన్ 0.4, టైమ్ కాన్‌స్టాంట్ 137, డెడ్ టైమ్ 13 సెకన్లు అని పెట్టుకుంటే చాలు. చాలా ట్యూనింగ్ పట్టికలు ఈ రూపాన్నే అడుగుతాయి. ట్యాంకులు విడివిడిగా ఉండి 90, 60 వచ్చినప్పుడు మాత్రం ఇలా చేయకండి, 60ని డెడ్ టైమ్ అనడం మరీ అన్యాయం.

మా కుర్రాడు మరుసటి వారం ల్యాబుకు వెళ్లి 360 నుంచి 396 లీటర్లకు పెంచి చూశాడు. 60 సెకన్లకు h2 1.1 సెంటీమీటర్లు లేచిందట, చివరికి 24 దాటింది. అయితే వచ్చేముందు రిగ్గును 360కి తెచ్చి నిలబెడితే h1 30కి బదులు 26 దగ్గరే నిలిచిందని, h2 మాత్రం 20 దగ్గరే ఉందని ఫోన్ చేశాడు. "నా లెక్క తప్పిందా అన్నా?" అన్నాడు టెన్షన్‌గా. లెక్క తప్పలేదు. h2 మారకుండా h1 ఒక్కటే తగ్గిందంటే కప్లింగ్ వాల్వును ఎవరో కాస్త తెరిచారు. తేడా ఇప్పుడు 6, కాబట్టి R1 = 0.12. R2 అలాగే ఉంది, గెయిన్ మారదు. మధ్య పదం 18 + 60 + 60 = 138, s² ముందు 1080. టైమ్ కాన్‌స్టాంట్లు 130, 8. ఫోన్‌లోనే రాయించాను:

```
H2/Q = 0.4 / (1080 s² + 138 s + 1)
```

వాల్వు పిడి మీద పెయింటుతో గుర్తు పెట్టమని కూడా చెప్పాను. పెట్టాడో లేదో.